పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి

లాంగ్ డిస్టెన్స్ రన్నర్లు ఇద్దరు కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న, ‘ఇప్పుడు వారానికి ఎంత పరిగెడుతున్నావ్?’ అని. రోజుకెంత అని ఎవరూ అడగరు. ఓర్పు అనేది ఒక్కరోజు కష్టంతో రాదు, వారాల తరబడి పేరుకోవాలి కాబట్టి ఆ ప్రశ్న సరైనదే. అయితే వారం మొత్తం ఒకటే అయినా, దాన్ని రోజులకు ఎలా పంచామన్నదాన్ని బట్టి కాళ్ల మీద పడే భారం మారిపోతుంది. ఆ పంపకంలో ఒక పద్ధతి, వారంలో ఒకటి రెండు రోజులు పొద్దున కొంత, సాయంత్రం కొంత పరిగెత్తడం. రన్నర్లు దీన్ని ‘డబుల్స్’ అంటారు.

పెద్ద ఆటగాళ్లకు ఇది రోజువారీ వ్యవహారం. 2022లో బెర్లిన్‌లో 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో మారథాన్ పూర్తిచేసిన కిప్చోగే, కెన్యాలోని కప్టగాట్ శిబిరంలో వారానికి 200 నుంచి 220 కిలోమీటర్లు పరిగెత్తేవాడు. ఏడుతో భాగిస్తే రోజుకు 30 కిలోమీటర్లు. అంత దూరం రోజూ ఒకే విడతలో పరిగెత్తితే ఎంతటివాడి కాళ్లయినా మొరాయిస్తాయి. అందుకే తెల్లవారాక ఒక పెద్ద పరుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఒక నింపాదైన పరుగు. అంతకు చాలా ముందే న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యుల చేత వారానికి వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు, పరిగెత్తించాడు. ఆ శిష్యుల్లో ఇద్దరు, పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు స్వర్ణాలు గెలిచారు. లిడియార్డ్ చెప్పిన వంద మైళ్లు అసలు పరుగులవి మాత్రమే. పక్కన చేసే చిన్న జాగింగులు ఆ లెక్కలోకి రావు.

ఇలాంటివి చదివి మనవాళ్లలో కొందరు వారానికి 35 కిలోమీటర్లు పరిగెడుతూనే సాయంత్రం పరుగు మొదలుపెట్టేస్తారు. అది తలకిందుల పని. ఛాంపియన్లకు రెండో పరుగు వాళ్ల లెక్కలోంచి పుట్టింది, దూరం ఒక పూటలో పట్టలేదు కాబట్టి రెండో పూటకు జరిగింది. మన దూరం ఒక పూటలో హాయిగా పడుతున్నప్పుడు రెండో పూటతో పనేముంది? వారానికి నాలుగు రోజులు పరిగెత్తేవాళ్లు ముందు ఐదో రోజు కలపాలి, తర్వాత ఆరో రోజు. ఆ తర్వాత వారం మధ్యలో ఒక పరుగును గంటంబావు, గంటన్నర దాకా సాగదీయాలి. అమెరికన్ మారథానర్, కోచ్ పీట్ ఫిట్జింగర్ సలహా కూడా ఇదే దారిలో ఉంటుంది. మారథాన్‌కు తయారయ్యేవాళ్లు ఒంటి పరుగులతో చేయగలిగిందంతా చేశాకే రెండో పూట గురించి ఆలోచించాలంటాడు. ఆయన గీత దాదాపు 75 మైళ్ల దగ్గర, అంటే వారానికి 120 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ పరిగెత్తేవాళ్లలో ఆ దూరం చేరేవాళ్లు బహు తక్కువ.

అలాగైతే మనకు డబుల్స్ అక్కర్లేదా అంటే, ఆ మాట నేను పూర్తిగా ఒప్పుకోను. ఫిట్జింగర్ లెక్కకు అందని ఇబ్బంది ఒకటి మన దగ్గర ఉంది. దాని పేరు మే నెల.

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు నెలాఖరులో జరుగుతుంది. పదహారు వారాల ట్రైనింగ్ అనుకుంటే మొదలయ్యేది మే మొదట్లో. అంటే దూరాన్ని మెల్లగా పెంచుకోవాల్సిన వారాలన్నీ సరిగ్గా ఎండలు మండే వారాలే. ఆరు కాకముందే సూర్యుడు వచ్చేస్తాడు, ఏడయ్యేసరికి రోడ్డు మీద నిలబడాలంటేనే చెమట కారుతుంది. వైజాగ్ బీచ్ రోడ్డులో పరిగెత్తేవాళ్ల బాధ ఇంకో రకం. అక్కడ ఎండకన్నా గాలిలోని తేమ చంపుతుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఇలాంటి చోట్ల పద్నాలుగు కిలోమీటర్ల పరుగులో చివరి నాలుగూ ట్రైనింగ్ కింద లెక్కకు రావు. అవి వేడిని తట్టుకోవడానికి పడే పాట్లు మాత్రమే. పేస్ అదే ఉన్నా గుండె వేగం నిమిషానికి పది, పదిహేను పెరిగిపోతుంది, మర్నాటికి కాళ్లు తేరుకోవు. ఆ నాలుగైదు కిలోమీటర్లను సాయంత్రానికి జరపడమే ఇక్కడి రన్నర్‌కు డబుల్స్ వల్ల కలిగే మొదటి లాభం.

ఒక వారం లెక్క వేసి చూద్దాం

నలభై ఏళ్ల రన్నర్ ఒకరిని ఊహించుకోండి. హైటెక్ సిటీలో ఉద్యోగం, ఇంతకు ముందు రెండు మారథాన్లు పూర్తిచేసిన అనుభవం, కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల ఈజీ పేస్. ఈజీ పేస్ అంటే పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగం. ఈయన వారం ఇలా ఉంది. సోమవారం విశ్రాంతి. మంగళవారం 12 కిలోమీటర్లు, మధ్యలో కొంత దూరం టెంపో, అంటే ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడలేని వేగం. బుధవారం 10, గురువారం 14, శుక్రవారం 8, శనివారం 6, ఆదివారం 20 కిలోమీటర్ల లాంగ్ రన్. మొత్తం 70.

ఈ వారంలో బలహీనమైన చోటు బుధవారం. మంగళవారం గట్టిగా పరిగెత్తిన కాళ్లతో మర్నాడు పది కిలోమీటర్లు, అంటే గంటా ఐదు నిమిషాలు. కాళ్లు ఇంకా తేరుకోకముందే గురువారం గంటన్నర పరుగు వచ్చి మీద పడుతుంది. అందుకే గురువారం పరుగు ఎప్పుడూ ఈడ్చుకుంటూ సాగుతుంది.

ఇప్పుడు బుధవారం పదిలోంచి నాలుగు తీసి మంగళవారం సాయంత్రానికి జరుపుదాం. మంగళవారం పొద్దున 12, సాయంత్రం 4. బుధవారం ఇక 6 మాత్రమే, అంటే నలభై నిమిషాలు. మొత్తం అదే 70, ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు. కష్టమైన రోజు కాస్త ఎక్కువ కష్టమైంది, తేలిక రోజు నిజంగా తేలికైంది. మంగళవారం పొద్దున ఆరున్నరకు పరుగు ముగిస్తే గురువారం ఐదున్నరకు మళ్లీ గట్టిగా కాళ్లు కదిపేలోపు, దాదాపు రెండు రోజుల్లో, మధ్యలో పడేవి రెండు చిన్న పరుగులే.

‘తేలిక రోజునే రెండుగా కోయవచ్చు కదా, బుధవారం పొద్దున 6, సాయంత్రం 4 చేస్తే సరిపోదా?’ అని అడిగేవాళ్లుంటారు. చేయవచ్చు, తప్పు కాదు. పాత గాయాలున్నవాళ్లకు అదే మంచిది కూడా. కానీ మిగతావాళ్లకు నేను మొదటి పద్ధతే చెబుతాను. రెండోదానిలో తేలిక రోజు మొత్తం పరుగు చుట్టూనే తిరుగుతుంది, రెండుసార్లు బట్టలు మార్చుకోవాలి, రెండుసార్లు బూట్లు కట్టుకోవాలి. విశ్రాంతి అనేది కిలోమీటర్లలో ఉంటే చాలదు, గంటల్లో కూడా ఉండాలి.

ఇలా మూడు వారాలు గడిచాక గురువారం పరుగు ఎలా ఉందో చూసుకోవాలి. అదే గుండె వేగానికి పేస్ కాస్త మెరుగైతే, లేదా అదే పేస్‌లో ఊపిరి తేలికగా ఆడుతుంటే, పంపకం పనిచేసినట్టే. అప్పుడు మాత్రమే గురువారం సాయంత్రం మరో 4 కిలోమీటర్లు కొత్తగా చేర్చి మొత్తాన్ని 74కు తీసుకెళ్లవచ్చు. ముందు పంచుకోవాలి, ఆ పంపకం కుదిరాకే పెంచుకోవాలి. ఈ రెండూ ఒకేసారి చేసినవాళ్లు నెల తిరక్కుండా ఫిజియోథెరపిస్టు దగ్గర తేలతారు.

మే నెల ఎండ మరీ దంచేస్తున్నప్పుడు గురువారం పద్నాలుగును కూడా 9, 5గా విడగొట్టక తప్పదు. దానికి కొంత ధర చెల్లించాలి. ఏకబిగిన గంటన్నర పరిగెత్తడం వల్ల వచ్చే ఓర్పు గంట, అరగంటగా విడగొడితే పూర్తిగా రాదు. అయినా వడదెబ్బకన్నా అది మేలు. జూన్‌లో వానలు పడి చల్లబడ్డాక మళ్లీ పద్నాలుగూ ఒకే పరుగుగా కలిపేయాలి.

ఆదివారం జోలికి మాత్రం ఎండలోనూ వెళ్లకూడదు. కావాలంటే నాలుగింటికే లేవండి. లాంగ్ రన్ విలువంతా దాని చివరి గంటలో ఉంటుంది. కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్, అంటే శరీరం దాచుకున్న పిండిపదార్థం, బాగా తరిగిపోతుంది. మొదటినుంచీ పనిచేస్తున్న కండర తంతువులు అలసిపోతాయి, అప్పటిదాకా ఊరికే ఉన్నవి పనిలోకి దిగుతాయి. శరీరం కొవ్వును కరిగించి వాడుకోవడం నేర్చుకునేది అప్పుడే. పొద్దున పది, సాయంత్రం పది పరిగెత్తినవారి కాళ్లకు ఆ చివరి గంట ఎదురే కాదు. మారథాన్‌లో ముప్పై కిలోమీటర్ల తర్వాత గచ్చిబౌలి వైపు ఫ్లైఓవర్లు ఎక్కుతున్నప్పుడు ఆ లోటు బయటపడుతుంది.

ఎముక, కండరం ఏమంటున్నాయి

దూరం అదే అయినప్పుడు రెండుగా చేస్తే శరీరానికి నిజంగా తేడా తెలుస్తుందా? ఎముక విషయంలో తెలుస్తుందనడానికి మంచి ఆధారమే ఉంది. అమెరికాలోని ఇండియానాలో అలెగ్జాండర్ రోబ్లింగ్, చార్లెస్ టర్నర్ బృందం ఎలుకల కాలి ఎముకల మీద ప్రయోగాలు చేసింది. కొన్నిటికి రోజుకు 360 సార్లు ఒకే విడతలో ఎముక మీద ఒత్తిడి పెట్టారు, ఇంకొన్నిటికి అదే 360ని తొంభై చొప్పున నాలుగు విడతలు చేశారు. విడతలుగా చేసిన ఎలుకల్లో కొత్త ఎముక ఎక్కువగా ఏర్పడింది. కారణం, ఎముకలోని కణాలు ఒత్తిడికి మొదట్లో బాగా స్పందిస్తాయి, కొన్ని పదుల దెబ్బలు పడ్డాక ఒకే మాట పదేపదే చెబితే వినడం మానేసే పిల్లల్లా పట్టించుకోవడం మానేస్తాయి. వాటికి ఆ గ్రహింపు మళ్లీ పూర్తిగా రావడానికి దాదాపు 8 గంటలు పట్టింది.

దీన్ని మన పరుగుకు అన్వయిస్తే, ఈజీ పేస్‌లో కిలోమీటరుకు సుమారు వెయ్యి అడుగులు పడతాయి. మొదటి కిలోమీటరులోనే ఎముక వినాల్సింది వినేస్తుంది. తర్వాత పడే వేల అడుగులు గుండెకు, కండరాలకు ఉపయోగమే కానీ ఎముకకు బలం నేర్పవు, అరుగుదల మాత్రం మిగులుతుంది. సాయంత్రానికి విరామం ఇచ్చి మళ్లీ మొదలుపెడితే ఎముకకు రెండోసారి కబురు అందుతుంది. ఎలుక సంగతి మనిషికి అచ్చంగా వర్తిస్తుందని పట్టుబట్టలేం. కానీ ఈ ఎనిమిది గంటల సంగతి కోచ్‌లు అనుభవంతో చెప్పే మాటకు దగ్గరగానే ఉంది. రెండు పరుగుల మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలని, ఎనిమిదికి పైగా ఉంటే ఇంకా మంచిదని వాళ్లంటారు. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఈ విరామం ఎలాగూ పది, పదకొండు గంటలు వచ్చేస్తుంది.

కండరం కథ కాస్త చిక్కు. 2005లో డెన్మార్క్ పరిశోధకులు అంతకు ముందు ట్రైనింగ్ లేని ఏడుగురు మగవాళ్ల చేత పది వారాలు కాళ్ల వ్యాయామం చేయించారు. ఒక కాలికి రోజుకొకసారి, ఇంకో కాలికి రోజు విడిచి రోజు రెండేసి సార్లు. మొత్తం పని రెండు కాళ్లకూ సమానం. చివర్లో పరీక్షిస్తే రెండేసి సార్లు చేసిన కాలు చాలా ఎక్కువసేపు అలవకుండా నిలిచింది. రెండోసారి మొదలుపెట్టేసరికి కండరంలో గ్లైకోజెన్ తక్కువగా ఉండటం, ఆ కొరతలో పనిచేయడం వల్ల కండరం గట్టిగా మారడం దీనికి కారణమని వాళ్ల వివరణ. వినడానికి అద్భుతంగా ఉంది. కానీ కొన్నేళ్ల తర్వాత ఆస్ట్రేలియాలో బాగా ట్రైనింగ్ పొందిన సైక్లిస్టుల మీద ఇలాంటి ప్రయోగమే చేస్తే, కండరంలో మార్పులు కనిపించాయి కానీ సైకిల్ తొక్కే వేగంలో రెండు గుంపులూ సమానంగానే మెరుగయ్యాయి. పైగా గ్లైకోజెన్ తక్కువగా ఉన్నప్పుడు చేసిన గట్టి వ్యాయామాల్లో వాళ్లు ముందంత బలంగా తొక్కలేకపోయారు.

అందుకని ఈ ప్రయోగాన్ని అడ్డం పెట్టుకుని సాయంత్రం పరుగుకు ఖాళీ కడుపుతో వెళ్లడం నాకు నచ్చదు. పొద్దున పరుగయ్యాక గంటలోపు ఇడ్లీలో, ఉప్మానో, గుడ్డుతో రెండు చపాతీలో తినాలి. మధ్యాహ్నం అన్నం మానకూడదు. సాయంత్రం బయల్దేరే ముందు ఒక అరటిపండు చాలు. నీళ్ల సంగతి తేల్చుకోవడానికి బరువు చూసుకోవడం సులువైన దారి. పరుగుకు ముందూ తర్వాతా బరువులో కిలో తేడా వస్తే దాదాపు లీటరు చెమట పోయినట్టు. సాయంత్రం లోపు అంతకన్నా కాస్త ఎక్కువే, ఉప్పుతో కలిపి, లోపలికి వెళ్లాలి. ఉప్పేసిన మజ్జిగకన్నా ఖరీదైన డ్రింక్ అవసరం లేదని నా అభిప్రాయం.

సాయంత్రం పరుగు ఎలా ఉండాలంటే, చూసేవాళ్లకు కాస్త సిగ్గుగా అనిపించేంత నెమ్మదిగా ఉండాలి. పైన చెప్పిన రన్నర్ పొద్దున ఆరున్నర నిమిషాల పేస్‌లో పరిగెడితే సాయంత్రం ఏడు, ఏడుంబావు. పాతిక నుంచి ముప్పై ఐదు నిమిషాలు. ఇరవైకన్నా తగ్గితే స్నానానికి, బట్టలకు అయ్యే సమయమే ఎక్కువవుతుంది. నలభై దాటితే అది ఇక చిన్న పరుగు కాదు. మే నెలలో సాయంత్రం ఆరింటికి ఎండ తగ్గినా రోడ్డు ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది, ఆ సెగకు గుండె వేగం ఎలాగూ పెరుగుతుంది. ఏడున్నరకో, పార్కులో మట్టి దారి మీదో పరిగెత్తడం నయం. స్ట్రావాలో ఆ నెమ్మది పేస్ అందరికీ కనిపిస్తుందన్న మొహమాటంతో వేగం పెంచేవాళ్లను చాలామందినే చూశాను. అలాంటివాళ్లు వాచీ ఇంట్లో పెట్టి వెళ్లడం మంచిది.

బూట్లు రెండు జతలు ఉండాలి. ఇది విలాసం కింద లెక్క కాదు. చెమటతో తడిసిన బూటు వైజాగ్‌లో సాయంత్రానికి ఆరదు, జులై వానల్లో హైదరాబాద్‌లోనూ ఆరదు. తడి బూటులో పాదం ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది.

నార్వే మోజు

ఈ మధ్య డబుల్స్ అనగానే నార్వే మాట వినిపిస్తోంది. టోక్యో ఒలింపిక్స్‌లో 1500 మీటర్లు, పారిస్‌లో 5000 మీటర్లు గెలిచిన యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ వారంలో రెండు రోజులు పొద్దునా సాయంత్రమూ గట్టి వ్యాయామమే చేస్తాడు. ఈ పద్ధతికి రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు మారియస్ బాకెన్ అనే నార్వే రన్నర్. అందులో గుట్టు ఏమిటంటే, మధ్యమధ్యలో ఆపి చెవి నుంచో వేలి నుంచో చుక్క రక్తం తీసి లాక్టేట్ కొలుస్తారు, గీత దాటితే వెంటనే వేగం తగ్గిస్తారు. రెండు పూటలా గట్టిగా చేయడం కనిపిస్తుంది కానీ, అతిగా చేయకుండా ఆపే ఆ కొలత కనిపించదు. ఏళ్ల తరబడి పునాది, మధ్యాహ్నం నిద్రపోయే తీరిక, రక్తం కొలిచే యంత్రం ఉన్నవాళ్ల పద్ధతి అది. మీటింగుల మధ్య పరిగెత్తేవాళ్లకు రోజుకు ఒక గట్టి పరుగు చాలు, రెండోది ఎప్పుడూ తేలికగానే ఉండాలి.

వారానికి 60, 70 కిలోమీటర్లు దాటి ఆరు రోజులు పరిగెడుతున్నవాళ్లే కాక, దానికన్నా తక్కువ దూరంలో కూడా డబుల్స్ పనికొచ్చేవాళ్లు కొందరున్నారు. పిక్క ఎముక గాయం నుంచి కోలుకుని, నలభై నిమిషాలు పరిగెత్తితే నొప్పి వస్తోంది కానీ ఇరవై నిమిషాలకు రావడం లేదనేవాళ్లు, డాక్టరు ఒప్పుకుంటే, ఇరవై చొప్పున రెండుసార్లు పరిగెత్తవచ్చు. చిన్నపిల్లలున్న తల్లులకు పొద్దున ఏకంగా గంట దొరకదు, అరగంట చొప్పున రెండు పూటలా దొరకవచ్చు. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకు మాత్రం వద్దు. ఆరు గంటల నిద్రతో నెట్టుకొస్తున్నవాళ్లకు అసలు వద్దు. పొద్దున ఐదింటికి లేచేవాళ్లు సాయంత్రం పరుగు, స్నానం, భోజనం అయ్యేసరికి పదకొండు దాటితే, ఆ నాలుగు కిలోమీటర్లు సంపాదించింది ఏమీ ఉండదు, పోగొట్టుకున్నదే ఎక్కువ.

అతి అవుతోందని ఎలా తెలుస్తుంది? లేచీ లేవగానే చూసుకునే గుండె వేగం మామూలుకన్నా ఐదారు ఎక్కువగా, వరసగా మూడు నాలుగు రోజులు కనిపిస్తే సాయంత్రం పరుగు ఆపేయాలి. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో మడమ వెనక నరం పట్టేసినట్టుంటే అదీ హెచ్చరికే. పిక్క ఎముక మీద వేలు పెట్టి నొక్కితే ఒక్కచోటే పొడిచినట్టు నొప్పి, పరిగెత్తుతున్నకొద్దీ అది పెరగడం, ఇవి ఎముకలో చీలికకు గుర్తులు. అప్పుడు రెండో పరుగే కాదు, మొదటిదీ ఆపి ఆర్థోపెడిక్ డాక్టరును కలవాలి. ఆడవాళ్లకు నెలసరి ఆలస్యమైనా, ఆగిపోయినా అది ఫిట్‌నెస్‌కు గుర్తు అనుకోకూడదు. ఖర్చుకు తగ్గట్టు తిండి అందడం లేదని శరీరం చెబుతున్న మాట అది. ఎముకలు పలచబడేది అలాంటప్పుడే. ఊరికే ఆయాసం, నీరసం వస్తుంటే హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు.

ఆఫీసులో ఆలస్యమై మంగళవారం సాయంత్రం పరుగు తప్పిపోతే, దాన్ని బుధవారానికి జరపవద్దు. వదిలేయండి. ఆ వారం 66తో ముగుస్తుంది, అంతే. మారథాన్‌కు మూడు వారాల ముందు నుంచి దూరం తగ్గించుకుంటూ వస్తారు కదా, అప్పుడు ముందుగా తీసేయాల్సినవి కూడా ఈ సాయంత్రం పరుగులే. ఆగస్టు మొదటి వారం దాటాక పొద్దుటి పరుగులు కాస్త పొట్టివి చేసుకుని, మంగళవారం టెంపోను తగ్గించి అయినా అలాగే ఉంచుకుని, సాయంత్రాలు ఇంటివాళ్లకు ఇచ్చేయవచ్చు.